చిక్కుడుతీగ ముగ్గు

బెంగళూరు కె.ఆర్.పురంలో మునిలక్ష్మి వాళ్ళు ఉండే రెండో అంతస్తు వాటాకు వాకిలి లేదు. తలుపు తీస్తే మెట్లే. ముగ్గంటే ప్రాణమైన ఆమెకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదొక్కటే తీరని లోటు. అది చూసి ఆమె ఫోన్‌లో ముగ్గుల యాప్ పెట్టింది ఆశ. ఆశ మునిలక్ష్మి మరిది భార్య. బెళ్ళందూరులో ఒక ఆఫీసులో పని చేస్తుంది, అక్కడే అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది.

“నేల లేకుంటే ఏమి అక్కా, స్క్రీన్ ఉంది కదా. డైలీ ప్రాక్టీస్ చేయండి. బాగా వస్తే షేర్ చేయొచ్చు, అందరూ చూస్తారు” అంది ఆశ.

మునిలక్ష్మికి అది కొత్త లోకంలా తోచింది. చుక్కలు ఎన్ని కావాలో, ఎదురు చుక్కలో సందు చుక్కలో చెబితే చాలు, తెరమీద వరుసలు పరుచుకుంటాయి. ఒక పక్క గీస్తే మిగతా పక్కల్లో అదే గీత దానంతటదే పడుతుంది. ఎవరో పెట్టిన ముగ్గు ఎలా వేశారో గీత తర్వాత గీతగా చూపిస్తుంది. మధ్యాహ్నం జాకెట్లు కుట్టడం అయ్యాక వాటిని చూసి నేర్చుకుని, మేడమీద సుద్దముక్కతో వేసి చూసుకునేది.

కొన్నాళ్ళకు వేరేవాళ్ళ ముగ్గులు దిద్దింది చాలనిపించింది. తనదే ఒకటి కావాలనుకుంది. మధ్య వరుసలో పదకొండు చుక్కలు, పైకీ కిందికీ ఒక్కొక్కటే తగ్గుతూ ఆరు దాకా. ఒక్క చుక్క కూడా వదలకుండా, చెయ్యి ఎత్తకుండా ఒకే మెలిక అన్నిటినీ చుట్టి రావాలి. పక్కలన్నీ యాప్‌నే నింపమంటే గీత తెగి వేరువేరు చుట్లయ్యేది. ఆ సదుపాయం ఆపేసి, మొత్తం తన వేలితోనే గీయడం మొదలుపెట్టింది. చెరపడం, మళ్ళీ గీయడం. కూర మాడినా తెలిసేది కాదు. ఒక రోజు గీత బయలుదేరిన చోటికి తిరిగొచ్చి కలిసింది. పందిరెక్కిన తీగలా ఉందని దానికి చిక్కుడుతీగ అని పేరు పెట్టుకుంది.

ముందుగా ఆ ముగ్గును మెసేజ్‌లో ఆశకే పంపింది. “చూడు ఆశా, ఏడన్నా తప్పుండాదేమో చెప్పు. ఉగాదికి పెడదామని” అని మాట కూడా రికార్డు చేసి పంపింది.

“సూపర్ అక్కా” అని జవాబొచ్చింది.

ఉగాదికి యాప్‌వాళ్ళు పోటీ పెట్టారు. ఆ ఉదయం పిండివంటలు ముగించుకుని మునిలక్ష్మి తన ముగ్గును పోటీలో పెట్టింది. మరుక్షణమే తెరమీద ఒక మాట వచ్చింది: ఈ డిజైన్ ఇదివరకే మరొకరి పేరుతో ఉంది. కింద ఆ మరొకరి పేజీ. నొక్కి చూసింది. ఆశ ఫోటో, నవ్వుతూ. కింద తన చిక్కుడుతీగ. పేరు మాత్రం ‘ఇన్ఫినిటీ లోటస్’. ఈ వారం మేటి ముగ్గు అని పైన పతకం బొమ్మ. మునిలక్ష్మి పెట్టినదానికి మాత్రం అప్పటికే ఎవరో రాశారు, ‘దొంగతనం చేసి పండగ చేసుకుంటున్నారా ఆంటీ?’ అని.

వెంటనే ఆశకు ఫోన్ చేసింది.

“అయ్యో అక్కా, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో చూపిద్దామని అప్‌లోడ్ చేసినా, అంతే. వాళ్ళే ఫీచర్ చేసేసినారు” అంది ఆశ.

“నా పేరెందుకు పెట్టలేదు?”

“ముగ్గుకు ఓనర్లుంటారా అక్కా? మీరు నేర్చుకున్నవి కూడా వేరేవాళ్ళవే కదా.”

“నేర్చుకున్నేటివి నావని ఏనాడన్నా చెప్పినానా?”

“ఇప్పుడు తీసేస్తే నాకు బ్యాడ్‌గా ఉంటాది అక్కా. ఆఫీసులో అందరూ చూసినారు. చిన్న విషయం కదా, ఇంట్లో పెద్దది చేయొద్దండి.”

మునిలక్ష్మి ఫోన్ పెట్టేసింది. ఆ తిట్టు ఇంకా కళ్ళముందే ఉంది. దాన్ని మళ్ళీ చూడలేక యాప్‌నే ఫోన్‌లోంచి తీసి పారేసింది.

భర్త గంగప్ప సాయంత్రం విషయం విని, “ఏడిస్తే ఏమొస్తాది? యాప్ వాళ్ళకు రాయి” అన్నాడు. తనే కూర్చుని రాసిపెట్టాడు. ఆశకు పంపిన మెసేజ్ ఫోటో తీసి జతచేశాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. మెసేజ్‌ల ఫోటోలను ఆధారంగా ఒప్పుకోలేమనీ, యాప్‌లో ముగ్గు గీసినప్పటి చిత్తుప్రతి పంపితే అందులో ప్రతి గీతా ఎప్పుడు పడిందో తెలుస్తుందనీ, అప్పుడు పేరు మారుస్తామనీ.

మునిలక్ష్మి ఎంతో నమ్మకంతో యాప్‌ను తిరిగి ఎక్కించుకుంది. చిత్తుప్రతుల గది తెరిచింది. అక్కడ ఏమీ లేదు. జనానికి చూపించిన ముగ్గుల పూర్తయిన రూపమే వాళ్ళ దగ్గర ఉంటుందట, ఏ గీత ఎప్పుడు పడిందో ఉండదట. గీసినప్పటి చిత్తులు ఫోన్‌లోనే ఉంటాయి, యాప్ తీసేస్తే దాంతోపాటే పోతాయి. చెరిపి, గీసి, చెరిపి పెంచిన తీగంతా తన చేతులతోనే వేళ్ళతో సహా పీకేసుకుంది.

“నాకు తెలీలేదు” అంది గంగప్పతో.

వేసవిలో దొడ్డబళ్ళాపురంలో గంగప్ప మేనమామ కొడుకు నాగరాజ్ కొత్త ఇంట్లో చేరాడు. గృహప్రవేశానికి రెండు కుటుంబాలూ వెళ్ళాయి. నాగరాజ్ భార్య ఎల్లమ్మ వాకిలంతా కడిగి పెట్టి, ఆశ చెయ్యి పట్టుకుంది.

“యాప్‌లో ఫస్టొచ్చిన ముగ్గు నీదే కదమ్మా? మా వాకిట్లో అదే వేయల్ల. అందరికీ చెప్పిండాను.”

ఆశ మొహం పాలిపోయింది. “అక్క నాకంటే బాగా వేస్తారు...” అని నసిగింది.

మునిలక్ష్మి తలెత్తలేదు. “ఎవరి ముగ్గు వాళ్ళే వేయల్ల” అంది.

ఆశ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. చుక్కలు పెట్టడం సరిగ్గానే వచ్చింది. యాప్ ఒక్కో గీత చూపిస్తుంటే చూసి వేయసాగింది. తెరమీద వేలితో లాగినట్టు కాదు పిండితో లాగడం. గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం. నడుమకొచ్చేసరికి ఒక చుక్క దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది. అక్కడినుంచి మెలిక మెలికా తప్పుతూ పోయింది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. పురోహితుడు త్వరగా కానివ్వమన్నాడు. ఆశ కళ్ళనిండా నీళ్ళతో మునిలక్ష్మి వైపు చూసింది.

ఆ చూపుకు మునిలక్ష్మి మనసు కరగలేదు. కాని నేలమీద ఉన్నది తన తీగ. తప్పుదారి పట్టి చిందరవందరగా పడి ఉంది. దాన్ని అలా చూడలేకపోయింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందుకొచ్చింది, తప్పిన చోట తడిగుడ్డతో తుడిచింది, పిండి తీసుకుంది. చెయ్యి తనంతట తానే కదిలింది. మెలిక చుక్కలన్నిటినీ చుట్టి వచ్చి మొదటి గీతలో కలిసిపోయింది.

“అబ్బా!” అంది ఎల్లమ్మ. “ఏమి ముగ్గు కనిపెట్టినావమ్మా ఆశా! అక్క చేత్తో దిద్దితే ఇంకా అందమొచ్చింది.”

ఎవరో ఆశను ముగ్గు పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. ఆశ కాదనలేదు.

జనం లోపలికి వెళ్ళాక ఆశ దగ్గరకొచ్చింది. “థ్యాంక్స్ అక్కా. యాప్‌లో పేరు మార్చమని నేనే రాస్తాను, ప్రామిస్.”

“వద్దులే” అంది మునిలక్ష్మి, కొళాయి కింద చేతులు కడుక్కుంటూ. “రాయాలనుంటే ఎల్లమ్మ అడిగినప్పుడే నోటితో చెప్పుండేదానివి.”

ఆశ ఇంకేదో అనబోయింది. మునిలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుని, విస్తళ్ళు వేస్తున్న వైపు వెళ్ళిపోయింది.