ముందే పెట్టిన సంతకాలు

ఆ ఉత్తరాలు రాయడానికి నాకు ఒక గంట పట్టింది. వాటిని రాసే ధైర్యం రావడానికి మాత్రం ఒక రాత్రంతా పట్టింది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు, బొగ్గు లేక కరెంటు కోతలు. మా ఆయన మురళీకృష్ణ కంపెనీ ఆడిట్ పని మీద నెల్లూరు వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంట్లో నేనూ, మా అమ్మాయి తన్మయీ మిగిలాం. బడులూ మూతపడటం వల్ల తన్మయి ఒక్కతే సమ్మెకి మనస్ఫూర్తిగా మద్దతిచ్చింది.

అలాంటప్పుడు నా షేర్ల ఖాతా లెక్క ఈ-మెయిల్లో వచ్చింది. పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కొనుక్కున్న షేర్లవి. నా పేరు మీద ఈ లోకంలో ఉన్నవి అవీ, గ్యాస్ కనెక్షనూ. ఆ లెక్కలో 'వేలం నష్టం' అని ఒక పెద్ద మొత్తం, దాని మీద ఆలస్యానికి వడ్డీ అని ఇంకో మొత్తం నా పద్దులో రాశారు.

షేర్లు అమ్మినవాళ్లు గడువులోగా అప్పజెప్పకపోతే ఎక్స్ఛేంజీ వాళ్లు వేలంలో కొని, కొన్నవాళ్లకి ఇచ్చి, ఆ ఖర్చు అమ్మినవాళ్ల నెత్తిన వేస్తారు. బొంబాయికి మన బంద్‌తో పనిలేదు. కానీ నేను అప్పజెప్పాను. డీమ్యాట్ స్టేట్‌మెంట్ తీసి చూస్తే, గడువుకు ముందురోజే షేర్లు నా ఖాతా దాటి బ్రోకరు ఖాతాలోకి వెళ్లినట్టు శుభ్రంగా ఉంది.

మా సబ్-బ్రోకరు భానుమూర్తి గారికి ఫోన్ చేశాను. మా పక్క ఊరి మనిషే, తెనాలి వైపు. మా లైనులో సగంమంది ఆడవాళ్ల ఖాతాలు ఆయన దగ్గరే.

"అదా అమ్మా. బంద్ హడావిడిలో స్లిప్పు మీద, ఏ రోజు అమ్మకమో చెప్పే సెటిల్‌మెంట్ నంబరు ముందురోజుది పడింది. షేర్లు మన కంపెనీ దగ్గరికొచ్చాయి గానీ ఆ రోజు లెక్కలోకి పోలేదు. నేను చూసుకుంటాగా."

"తప్పు మీదైనప్పుడు ఆ డబ్బు నా పద్దులో ఎందుకుందండీ?"

"సర్దుతానన్నాను కదమ్మా. పైకి మాత్రం ఉత్తరాలవీ రాయకండి. అయినా మీకు భయమేమిటి, మీ స్లిప్పులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

ఫోన్ పెట్టేశాక ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను.

మన ఖాతాలోంచి షేర్లు కదలాలంటే సంతకం చేసిన స్లిప్పు కావాలి. ప్రతిసారీ తన ఆఫీసు మెట్లెక్కి రావడం ఎందుకని ఆయన స్లిప్పుల పుస్తకం మొత్తం మీద ముందే సంతకాలు తీసుకుని తన సొరుగులో పెట్టుకునేవాడు. లైనులో అందరం అలాగే ఇచ్చాం. శ్రావణ శుక్రవారం వాయినం తీసుకున్నంత సుళువుగా తీసుకున్నాడు. నేను బీఎస్సీ చదివాను. కింద నా సంతకం, పైన ఖాళీ. అక్కడ ఎవరి ఖాతా నంబరైనా రాసుకోవచ్చు.

అంటే ఉత్తరం రాస్తే ఆయనకి కోపం వస్తుంది. ఆయనకి కోపం వస్తే నా షేర్లు ఆయన చేతిలో ఉన్నాయి. రాయకపోతే వడ్డీ పెరుగుతుంది, ఈసారి నేనేది అమ్మినా ఆ డబ్బు ఈ బాకీ కింద జమ వేసుకుంటారు.

మా ఆయనకి ఫోన్లో చెప్పాను.

"ఇప్పుడా గొడవలు? అక్కడ మనం పరాయివాళ్లం కుసుమా. మనవాడనే ఒక్కడున్నాడు, వాడితో కూడా పెట్టుకుంటావా?"

మనవాడు కాబట్టే భయంగా ఉందని చెప్పలేదు. ఆయనక్కడ నిద్ర మానుకుని ఉపయోగం లేదు.

ఆ రాత్రి నేను మానుకున్నాను. తెల్లారాక రెండు ఉత్తరాలు రాశాను. రెండూ బ్రోకరు కంపెనీ పేరుకే. మొదటిది: నా డీమ్యాట్ ఖాతా నుంచి ఏ షేరూ బయటికి పోకుండా వెంటనే స్తంభింపజేయండి, సంతకాలున్న నా స్లిప్పులు నా చేతిలో లేవు, రద్దు చేయండి. రెండోది: 'నేను గడువుకు ముందే షేర్లు అప్పజెప్పినట్టు జతచేసిన స్టేట్‌మెంట్ చూపిస్తోంది. సెటిల్‌మెంట్ నంబరు మీ కార్యాలయంలో తప్పుగా రాయబడింది. కావున నాపై వేసిన వేలం నష్టమూ, దానిపై వడ్డీయూ రద్దు చేసి, సవరించిన ఖాతా లెక్క పంపవలసిందిగా కోరుతున్నాను.' ఫిర్యాదులు చూసే కంప్లయన్స్ అధికారికి ఒక ప్రతి అని కింద రాశాను. ఆయన ఈ-మెయిలు చిరునామా, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ వచ్చే ప్రతి కాంట్రాక్టు నోటు మీదా ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ నోట్లు అల్మరాలో కాగితం పరచడానికి పనికొచ్చాయి.

మొదటి ఉత్తరం ముందు చేరాలి. అది ఆ కంపెనీ ఎల్బీనగర్ బ్రాంచిలో సిరా సంతకంతో ఇవ్వాలి. ఆ రోజు ఆటోలు కూడా బంద్.

పక్కింటి యాదలక్ష్మికి స్కూటీ ఉంది. వాళ్లది నల్లగొండ దగ్గర చిట్యాల. వాళ్లాయన ఆర్టీసీ కండక్టరు, సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు.

"గాయన బస్సు బంద్ వెట్టిండు గని నా బండి ఎవడు బంద్ వెడ్తడక్కా. ఎక్కు," అంది యాదలక్ష్మి. తన్మయిని వాళ్లాయన దగ్గర కూర్చోబెట్టి, బండి ముందు గులాబీ రిబ్బను కట్టింది. "జర నోరు మాత్రం మూస్కో. నువ్వు 'ఏమండీ' అన్నవంటే మనిద్దర్ని ఆడ్నే దింపుతరు."

చైతన్యపురి దాటేదాకా నేను ఊపిరి కూడా గుంటూరు యాసలో పీల్చకుండా కూర్చున్నాను. ఎల్బీనగర్ చౌరస్తా నిండా వంటావార్పూ. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, డప్పులు. ఒకాయన బండికి అడ్డంగా వచ్చాడు. నా చేతిలోని కవరు తడిసిపోయింది. అది చెమటే.

"యాడికి చెల్లె?"

"అక్కకు పానం బాలేదన్న. మొకం జూడు."

ఆయన నా ముఖం చూశాడు. అబద్ధమనిపించలేదేమో, తోవ ఇచ్చాడు.

బ్రాంచి షట్టరు సగం దించి ఉంది. లోపల చీకటి. మహేందర్ అనే ఆఫీసరు ఒక్కడే కిటికీ పక్కన కూర్చుని, అట్టముక్కతో విసురుకుంటున్నాడు. మొదటి ఉత్తరం చదివి, నా ఖాతా నంబరు రెండోసారి చూశాడు.

"మేడమ్, మీ స్లిప్పు ఒకటి పొద్దుగాల వచ్చింది కద."

"ఏ స్లిప్పు?"

ట్రేలోంచి తీసి చూపించాడు. ఖాతాలో మిగిలిన షేర్లన్నీ, వరసగా, ఒక్కటీ వదలకుండా. ఎవరో జోగారావు పేరు మీద ఉన్న ఖాతాకి. కింద నా సంతకం.

"అది నేను పంపలేదండీ. ఆ జోగారావు ఎవరో నాకు తెలీదు. ఆపేయండి."

"ఇంక కంప్యూటర్ల ఎక్కియ్యలే మేడమ్. కరెంటు లేదు, ఇన్వర్టరు దిగిపోయింది. ఒంటిగంటకు వస్తది, రాంగనే ట్రే ఖాళీ జేయాలె. సంతకం కలిసిన స్లిప్పు ఆపాల్నంటే మీ రద్దు ఉత్తరం మీద సంతకం గూడ కలవాలె." అతను, ఖాతా తెరిచినప్పుడు నేను సంతకం పెట్టిన స్పెసిమెన్ కార్డు తీసి, నా ఉత్తరం పక్కన పెట్టి, కిటికీ వెలుతురులోకి వంచాడు. "ఇది కలుస్తలేదు."

చూశాను. నిజమే. నిద్రలేని పొద్దున పెట్టిన సంతకం, బీటలు వారిన గోడలా ఉంది. స్లిప్పు మీదిది మాత్రం ఎప్పుడో నవ్వుతూ కబుర్లు చెబుతూ పెట్టిన సంతకం. నిండుగా, గుండ్రంగా, కార్డు మీదున్నట్టే ఉంది. దొంగ కాగితం మీద నేను అసలు మనిషిని. అసలు కాగితం మీద దొంగని.

"పాన్ కార్డు తెచ్చానండీ. ఫోటో చూడండి, నేనే."

"నాకు సమజైంది మేడమ్. నా ముంగట పెట్టుండ్రి, పాన్ కార్డు జిరాక్సు జత చేస్త. గని కలవాలె. రేపు పైకెల్లి అడిగితే నా కొలువు పోతది."

తెల్లకాగితం ఇచ్చాడు. పెట్టాను. 'కు' దగ్గరే కలం జారింది. మళ్లీ పెట్టాను. అది ఇంకెవరిదో. గోడ గడియారం బ్యాటరీతో నడుస్తోంది, దానికి కోత లేదు. పన్నెండున్నర దాటింది. మూడోసారి నా పేరే మర్చిపోయినట్టయింది.

యాదలక్ష్మి బయటికి వెళ్లి, చౌరస్తా నుంచి స్టీలు గ్లాసులో మజ్జిగ పట్టుకొచ్చింది.

"తాగు. ఉద్యమం మజ్జిగ, ఆంధ్రోళ్లకు గూడ అరుగుతది." నేను తాగేదాకా నిలబడింది. "అక్కా, నువ్వు మొన్న మా పిల్లగాని లెక్కల కాపీ మీద సున్న ఏసి సంతకం గొట్టినవ్ యాదికున్నదా? గింత పెద్దగ. వాడు రెండొద్దులు ఏడ్చిండు."

"వాడు ఏడుని ఏడుతో కూడి పదిహేను వేశాడు."

"గదే. గా సంతకం వెట్టు."

నాకు నవ్వు రాలేదు. కానీ ఏడూ ఏడూ పదిహేననే ఆ కాపీ కళ్లముందుకొచ్చింది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే కలం తీసుకుని, కాగితం వైపు సరిగా చూడకుండా పెట్టేశాను.

మహేందర్ కార్డు పక్కన పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. గీత మీద వేలు జరుపుతూ చూశాడు. అంతలో పైన ట్యూబులైటు ఒకసారి మిణుకుమంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"కలిసింది," అన్నాడు.

స్లిప్పు మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, రద్దు అని రాసి, నాతో మళ్లీ సంతకం పెట్టించాడు. కంప్యూటరు లేవగానే ముందు నా ఖాతా స్తంభింపజేశాడు. తెర నావైపు తిప్పి చూపించాడు. అప్పుడు రెండో ఉత్తరం ఇచ్చాను. స్టేట్‌మెంట్ మీద షేర్లు వెళ్లిన తేదీ, లెక్కలో వేలం తేదీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"గిది మా తప్పే మేడమ్. రివర్సల్‌కు హెడ్డాఫీసుకు పంపుత." నా ప్రతి మీద ముద్ర వేసి, తేదీ వేసి ఇచ్చాడు. "గా స్లిప్పు సంగతి గూడ రాసియ్యుండ్రి. వేరే కాయితం మీద."

అదీ రాశాను. రాస్తుంటే మా లైనులో అందరూ గుర్తొచ్చారు. అరుణమ్మ గారూ, కింద వాటా పట్టాభి గారి భార్యా. వాళ్ల స్లిప్పులూ ఆ సొరుగులోనే ఉన్నాయి.

ఇల్లు చేరాక చెప్పులు విప్పకుండా అరుణమ్మ గారి తలుపు కొట్టాను. ఆవిడ నమ్మలేదు. "భానుమూర్తా? మా అబ్బాయి బారసాలకి వెండిగిన్నె పెట్టాడమ్మా," అంది. నా దగ్గరున్న ముద్ర కాగితం చూపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని చదివింది, మళ్లీ తుడుచుకుంది. అప్పటికప్పుడే చీర మార్చుకోవడానికి లోపలికెళ్లింది. యాదలక్ష్మి స్కూటీ ఆ రోజు ఎల్బీనగర్‌కి ఇంకో రెండుసార్లు వెళ్లింది.

సమ్మె విరమించాక సవరించిన లెక్క వచ్చింది. వేలం నష్టం, వడ్డీ, రెండూ వెనక్కి జమ. దాంతోపాటు కొత్త స్లిప్పుల పుస్తకం. అందులో ఒక్క కాగితం మీదా సంతకం లేదు. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. రోజుకోసారి మూత తీసి చూసుకుంటున్నాను.

భానుమూర్తి ఆఫీసుకి తాళం పడింది. విచారణ జరుగుతోందన్నారు. మనిషి మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. నిన్న గడ్డిఅన్నారంలో బత్తాయిలు బేరం చేస్తుంటే వెనక నుంచి, "బాగున్నారా అమ్మా?" అని వినిపించింది. ఎప్పటిలాగే, మర్యాదగా.

నేను తిరిగి చూడలేదు. బత్తాయిలు బేరం తగ్గించకుండానే కొని వచ్చేశాను.