కుడి బ్రాకెట్ కింద ఖాళీ గడి

"ఇంకోసారి కొట్టమ్మా," అన్నారు సత్యప్రసాద్ గారు.

వెంకటదుర్గ మళ్ళీ కొట్టింది. ఎడమ బ్రాకెట్, i, కుడి బ్రాకెట్. ఎంటర్ నొక్కింది. తెర మీద మళ్ళీ అదే మాట. ఎర్రర్.

ఆ పిల్ల చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది. కాలేజీలో కంపైలర్ ల్యాబ్ పెట్టి నాలుగేళ్ళయింది. ఇప్పటిదాకా పరీక్షలో ఒక్కరికి కూడా ఈ ప్రోగ్రాం పోలేదు. కొట్టిన లెక్క సరైన పద్ధతిలో రాసి ఉందో లేదో చెప్పడమే దాని పని. ఎక్స్‌టర్నల్‌గా పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు i+i కొట్టమంటారు, కాకపోతే i+i+i కొట్టమంటారు. "యాక్సెప్టెడ్" అని పడుతుంది. సంతకం చేసి, రామచంద్రపురంలో భోజనం చేసి బస్సెక్కుతారు. అలాగే అలవాటయిపోయింది. ఈసారి సామర్లకోట అవతల కాలేజీ నుంచి వచ్చిన ఈయనకే, "ఎప్పుడూ ప్లస్సేనా, ఓ బ్రాకెట్ పెట్టి చూద్దాం" అనిపించింది.

"ప్రోగ్రాం రాలేదు," అంటూ ఆయన మార్కుల కాగితం మీద పెన్ను పెట్టారు.

"సార్, ఒక్క నిమిషమండి," అంది సూర్యకళ. ల్యాబ్ ఇన్‌చార్జి ఆవిడే. పదిహేనేళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి, ఎమ్‌సీఏ చేసి, ఇక్కడికొచ్చింది. "స్పేస్ ఏదన్నా పడిందేమో. దుర్గా, చూసి కొట్టు."

దుర్గ ఏం కొడుతుంది, కంగారులో దానికి అక్షరాలు కనబడటం లేదు. కిందటేడు టైఫాయిడ్ వచ్చి ఈ ల్యాబ్ పరీక్షకి రాలేకపోయింది. హైదరాబాద్ కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, జూన్‌లో చేరేలోపు అన్నీ పాసయినట్టు మార్కుల మెమో చూపించాలి. మిగిలింది ఇదొక్కటే. మళ్ళీ పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. కంపెనీ ఆగదు.

సూర్యకళ పక్క మెషిన్ దగ్గరికి వెళ్ళింది. "గణేష్‌బాబూ, నీది రన్ చెయ్యి. బ్రాకెట్లో i."

"నాకింకా టర్న్ రాలేదు కదండి మేడం."

"కొట్టు బాబూ."

ఎర్రర్. ఆ పక్కన సారికది కూడా ఎర్రరే. ల్యాబ్‌లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరికి వాళ్ళే కొట్టుకుని చూసుకుంటున్నారు. "నాదీ పోయింది రా బాబోయ్!" అన్నాడు వెనకనించి ఎవడో.

"ఆహా," అన్నారు సత్యప్రసాద్ గారు. "అందరికీ ఒకే తప్పు. అంటే ఒకళ్ళది చూసి అందరూ దించేశారన్నమాట. ఏమ్మా, నువ్వు ఎవరిది దించావు?"

"నేను దించలేదండి," అంది దుర్గ. "టేబుల్ అదేనండి. అందరికీ అదే టేబుల్."

చెయ్యి పైకి చూపించింది. బోర్డు పైన చార్టు వేలాడుతోంది. నాలుగేళ్ళ కిందట ఇన్‌స్పెక్షన్ వస్తుందని సూర్యకళ స్వయంగా లెక్కకట్టి, రంగు స్కెచ్ పెన్నులతో గీయించింది. చిన్న గ్రామర్ ఒకటి, అంటే లెక్క ఎలా రాయాలో చెప్పే సూత్రాలు:

E → T E'
E' → + T E' | ε
T → ( E ) | i

దాని కింద గళ్ళ పట్టిక. ముందున్న గుర్తు ఒక్కటి చూసి, ఏ సూత్రం వాడాలో ఆ గడిలోంచి ప్రోగ్రాం తీసుకుంటుంది. ఖాళీ గడి తగిలితే ఎర్రర్ అంటుంది.

సూర్యకళ చాక్‌పీస్ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. తన చార్టు తప్పు కాదని ఆయనకి చూపించడానికే వెళ్ళింది. స్టాక్‌లో, అంటే ప్రోగ్రాం ఇంకా విప్పాల్సినవాటి దొంతరలో, E. దాన్ని T E' చేసింది. కొట్టినదాంట్లో ముందున్నది ఎడమ బ్రాకెట్, కాబట్టి T స్థానంలో ( E ). బ్రాకెట్ కొట్టేసింది. లోపలి E మళ్ళీ T E' అయింది. T ఇప్పుడు i అయింది. i కొట్టేసింది. పైన మిగిలింది E'. కొట్టినదాంట్లో తర్వాతది కుడి బ్రాకెట్. E' వరస, కుడి బ్రాకెట్ నిలువు.

ఆ గడి ఖాళీగా ఉంది.

చాక్‌పీస్ చేతిలో విరిగింది. E' అక్కడ మాయమైపోవాలి. అంటే ఆ గడిలో ఎప్సిలాన్, ఏమీ లేదని చెప్పే గుర్తు, ఉండాలి. వరస అయిపోయిందని చెప్పే డాలర్ కింద ఉంది గానీ ఇక్కడ లేదు. E మొదటి గుర్తు కదా అని దాని ఫాలోలో, అంటే దాని వెనక రాగల గుర్తుల్లో, డాలర్ వేసి, అంతటితో వదిలేసింది తను. చార్టు కింద తన చేతిరాతలోనే ఉంది. ఫాలో ఆఫ్ E, డాలర్ ఒక్కటే. నాలుగేళ్ళు. రోజూ దాని కిందే నిలబడి పాఠం చెప్పింది.

"ఏంటండి మేడం?" అన్నారు సత్యప్రసాద్ గారు.

"తప్పు చార్టులో ఉందండి."

"చార్టు ఎవరు చేశారు?"

"నేనేనండి."

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. తిడతారేమో అనుకుంది సూర్యకళ. కానీ ఆయన మొహంలో కోపం లేదు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"మేము కూడా i+i యే అడుగుతామండి," అన్నారు మెల్లిగా. "మా దగ్గర ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు."

"సార్, అమ్మాయికి బెల్లు కొట్టేదాకా టైం ఉంది. చార్టు తీయించేస్తాను, బోర్డు తుడిచేస్తాను. తప్పెక్కడుందో నేను చెప్పను. పట్టిక తనే మళ్ళీ కట్టి రన్ చేస్తే మార్కులెయ్యండి. చెయ్యలేకపోతే మీ ఇష్టం."

ఆయన దుర్గ వైపు చూశారు. "చేస్తావా?"

దుర్గ తలూపి, చార్టు దింపేలోపు మూడు సూత్రాలూ కాగితం మీద ఎక్కించుకుంది. కాసేపు సూర్యకళనే చూసింది. తర్వాత రాసుకుంటూ, తనలో తనే గొణుక్కుంది.

"ఫస్ట్ ఆఫ్ T... మొదట వచ్చేవి ఎడమ బ్రాకెట్, i. E కూడా T తోనే మొదలు కాబట్టి అవే. E' కి ప్లస్, ఎప్సిలాన్. ఎప్సిలాన్ ఉంది కాబట్టి దాని వెనక ఏమొస్తుందో కావాలి... E' ఎప్పుడూ చివరే ఉంది. E చివర. అంటే E వెనక ఏదొస్తే E' వెనకా అదే."

"E వెనక ఏమొస్తుంది?" అన్నారాయన.

"డాలరండి."

సూర్యకళ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. పెదవి దాకా వచ్చిన మాటని మింగేసింది. తను ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

"అంతేనా?"

దుర్గ కాగితం దగ్గరికి లాక్కుంది. మూడు సూత్రాల్లో బాణం కుడివైపు E ఎక్కడుందో వేలితో వెతికింది. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోదాంట్లో వేలు ఆగింది.

"అమ్మో," అంది. "ఇక్కడుంది కదండి! T లోపల. దాని పక్కనే కుడి బ్రాకెట్!"

ఫాలో ఆఫ్ E, డాలర్, కుడి బ్రాకెట్. E' కి కూడా అవే. ఆ గడిలో ఎప్సిలాన్ పెట్టింది. రెండు చేతులతో టైపు చేసి, కంపైల్ చేసి, బ్రాకెట్లో i కొట్టింది.

యాక్సెప్టెడ్.

బ్రాకెట్లో బ్రాకెట్ పెట్టి కొట్టమన్నారాయన. అదీ యాక్సెప్టెడ్. కుడి బ్రాకెట్ ఒక్కటే కొట్టమన్నారు. ఎర్రర్. "తప్పుని తప్పనాలి కదా, ఇదీ సరైందే," అని, కాగితం మీద మార్కు వేసి సంతకం చేశారు. "వెళ్ళమ్మా. పాసయ్యావు."

దుర్గ లేచింది. సంతోషపడుతుందేమోనని సూర్యకళ చూసింది. భుజం మీద చెయ్యి వెయ్యబోతే, ఆ పిల్ల తెలీకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"మేడం," అంది. "రోజూ మీరే కదా చెప్పేవారు. మీకు తెలీకుండా ఎలా ఉందండి?"

అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది. సూర్యకళ దించిన చార్టుని చుట్టసాగింది. దుర్గ ఇంకాస్త సేపు నిలబడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"తర్వాతెవరు?" అన్నారు సత్యప్రసాద్ గారు.