చివరి తొంభై సెకన్లు

మా ఆవిడ నడిపే పాడ్‌కాస్ట్‌ను లోకం మొత్తం మీద వినేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. ఎలా వినేవాడినో చెబితే మీరు నన్ను తిట్టిపోస్తారు. తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇంట్లో పిల్ల ఉంది, ఎనిమిదేళ్ళది, బుజ్జి. దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలని మేమిద్దరం ఎదురెదురు షిఫ్టులు పట్టాం. నేను తెల్లవారుజామున అయిదుంబావుకల్లా కంపెనీ బస్సెక్కాలి. కళ్ళజోళ్ళ అద్దాలు సానపట్టే కర్మాగారం రెండు గంటల దూరం. ఆవిడ ఆడియో పుస్తకాల స్టూడియోలో ఎడిటరు. చదివేవాళ్ళ తడబాట్లు, దగ్గులు, గుటకలు కత్తిరించడం ఆవిడ పని. బుజ్జిని బడికి పంపి మధ్యాహ్నం వెళ్తే రాత్రి పదకొండున్నరకు వస్తుంది. అప్పటికి నేను నిద్రలో ఉంటాను. నేను లేచేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది. ఆవిడకు సెలవు బుధవారం, నాకు ఆదివారం. ఒకరి నిద్రను ఒకరం చూసుకోవడమే మా కాపురం.

ఎదురుగా మాట్లాడదామంటే నేను మాట మధ్యలోనే గురక పెడతానట. అందుకని ఒకనాడు ఆవిడే ఉపాయం కనిపెట్టింది. రాత్రి స్టూడియోలో పని ముగిశాక పది నిమిషాలు మైకు ముందు కూర్చుని నాతో చెప్పాలనుకున్నవన్నీ చెప్పి, ఎవరికీ కనబడని ఒక ఫీడ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. ఆ లింకు నాకొక్కడికే ఇచ్చింది. పొద్దున బస్సెక్కేసరికి ఆ రోజు భాగం నా ఫోన్లో ఉండేది. బుజ్జి ఏం తిన్నదీ, కుళాయి మళ్ళీ కారుతున్నదీ, పక్కింటివాళ్ళ కుక్క ఎవరిని కరిచిందీ అన్నీ ఉండేవి.

నేనేమో రోజుకు నాలుగు గంటలు బస్సులో కూర్చుని చెవుల్లో ఏదో ఒకటి పోసుకునే మనిషిని. యాప్‌ను నాకు కావలసినట్టు బిగించుకున్నాను. వేగం రెండింతలు. మాటల మధ్య నిశ్శబ్దం కనిపిస్తే యాప్ దాన్ని మింగేయాలి. ప్రతి కార్యక్రమానికీ చివర ప్రకటనలు, లైకు కొట్టమని దేబిరింపులు ఉంటాయి కాబట్టి ఆఖరి తొంభై సెకన్లు దానంతట అదే దాటెయ్యాలి. ఇంటికొచ్చేటప్పుడు నిద్ర టైమరు ఇరవై నిమిషాలు. మొత్తం ఎంత కాలం ఆదా అయిందో యాప్ ఒక మూల లెక్క చూపిస్తుంది. నూట ముప్పై గంటలు మిగిల్చానని బస్సులో అందరికీ చూపించి గొప్పలు పోయేవాణ్ణి. "మరి బస్సు రెండు గంటలే పడుతోంది కదరా" అని పక్క సీటు మేస్త్రీ ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను, బుద్ధి లేక.

ఒక ఆదివారం ఫోను చేజారి పగిలింది. కొత్తది కొని నా ఖాతాతో యాప్‌లోకి వెళ్తే కార్యక్రమాలన్నీ వచ్చాయి, ఏవి విన్నానో ఆ గుర్తులూ వచ్చాయి. వేగం, దాటవేతలు మాత్రం పాత ఫోనుతోనే పోయాయి. మంగళవారం దాకా ఆ సంగతి గమనించలేదు, ఎందుకంటే సోమవారం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సెక్కగానే నిద్రపోయాను.

మంగళవారం పొద్దున బస్సులో గంటసేపు కునుకు తీసి లేచి ఫోను నొక్కితే, ఆవిడ గొంతు మామూలు వేగంతో వచ్చింది. చాలా నెమ్మదిగా, కొంచెం అలసటగా ఉంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. అది ఆవిడ అసలు గొంతని నాకు తట్టలేదు. బస్సు కుదుపుల్లో సెట్టింగులు వెతుక్కునే ఓపిక లేక అలాగే విన్నాను. బుజ్జికి పన్ను ఊడిందట. ఇస్త్రీపెట్టె తీగ మాడిందట. ఆ తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. అయిపోయిందనుకుని చెవిలోంచి తీయబోతుంటే మళ్ళీ మొదలుపెట్టింది.

"సరే, అసలు సంగతి. నువ్విది వినే రోజే, పొద్దున పదకొండింటికి ఆఫీసులో సంతకం పెడుతున్నా. వచ్చే నెల ఒకటిన ఆ ఊళ్ళో చేరాలి. బుజ్జిని ముందు నాతో తీసుకెళ్తా. ఇన్ని రోజులు అడిగినా నువ్వేమీ అనలేదు. అనకపోవడమే జవాబు అనుకున్నా. కోపమేం లేదు. దానికి చెప్పేటప్పుడు మాత్రం ఇద్దరం కలిసి చెబుదాం, ఏం?"

ఏ ఊరు? ఏం అడిగింది? ఎప్పుడు అడిగింది?

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. పడుకునేటప్పుడు ఆవిడ ఫోన్ మోత ఆపేస్తుంది. ఏడుసార్లు చేశాను. "సంతకం పెట్టకు. నేనిప్పుడే విన్నాను. ఇంటికొస్తున్నా" అని మెసేజ్ పెట్టాను. తర్వాత డ్రైవరు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, ఆపన్నా. దిగాలి."

"ఇక్కడా? ఇక్కడ ఏముందని దిగుతావు? కడుపులో తిప్పుతోందా?"

"ఇంటికెళ్ళాలి. నా సంసారం మునిగిపోతోందన్నా."

డ్రైవరు అద్దంలోంచి నన్నొకసారి చూసి బండి పక్కకు తీశాడు. తలుపు తీస్తూ, "అవతలి పక్క నిలబడు, అయిదో పదో నిమిషాలకి ఏదో ఒకటి వస్తది" అన్నాడు. ఆ అయిదో పదో ముప్పావు గంట అయింది. వచ్చిన బస్సు ఊరూరా ఆగే రకం. ఎక్కి కిటికీ పక్కన కూలబడి, ఆవిడ ఫీడ్ తెరిచాను. ఇరవై ఆరు భాగాలు. అన్నిటి పక్కనా 'విన్నారు' అని టిక్కు గుర్తు. నిన్న వినకుండా నిద్రపోయింది కూడా వినేసినట్టే టిక్కు పెట్టుకుని కూర్చుంది.

ఒక్కొక్కటీ తెరిచి, ముప్పై సెకన్లు ముందుకు దూకే బటను నొక్కుకుంటూ చివరికి వెళ్ళాను. ఒక్కోసారి ఒక నొక్కు ఎక్కువై భాగం దాటిపోయి తర్వాతది మొదలయ్యేది. మళ్ళీ వెనక్కి రావడం, మళ్ళీ వెతుక్కోవడం. ఇరవై ఆరుసార్లు తొంభై సెకన్లంటే ముప్పై తొమ్మిది నిమిషాలు. అలవాటుకొద్దీ వేగం పెంచబోయాను. వేలు ముందుకు పోలేదు.

మూడో భాగం చివర: "అసలు సంగతి మరిచా. మా స్టూడియోవాళ్ళు వేరే ఊళ్ళో పెద్దది పెడుతున్నారు. నన్ను రమ్మంటున్నారు. పగటి షిఫ్టు. ఎదురుగా అడిగితే ఏదడిగినా సరే అనేస్తావు, అది నీ అలవాటు. అందుకే ఇక్కడ చెబుతున్నా. తీరిగ్గా ఆలోచించుకుని చెప్పు. నువ్వు వద్దంటే మానేస్తా."

తొమ్మిదో భాగం చివర: "చీటీ మీద ఒక్క ముక్క రాసి ఫ్రిజ్ మీద పెట్టినా చాలు."

పదిహేనో భాగం చివర: "నిన్న బుధవారం. నీకు ఎదురుగానే కూర్చున్నా. ఇప్పుడంటావు, ఇప్పుడంటావు అని చూశా. కూరలో ఉప్పు తక్కువైందన్నావు."

ఇరవై రెండో భాగం చివర మాటలు లేవు. నిమిషం పైగా ఊరికే ఊపిరి. ఆ తర్వాత "సరే, వస్తున్నా. ఆకలేస్తే పెరుగుంది" అంది. దగ్గులూ గుటకలూ కత్తిరించే మనిషి ఆ ఊపిరిని కత్తిరించకుండా నాకోసం ఉంచింది. పాత ఫోను అయితే దాన్నీ మింగేసేది.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం బాబూ, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. లేదని తలూపాను. కళ్ళు తుడుచుకోవడానికి జేబులో రుమాలు కూడా లేదు, పనిలో అద్దాలు తుడిచే సానగుడ్డ ఉంది.

ఎనిమిదింటికి ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది. "పది వరకు ఇంట్లో ఉంటా." అంతే. వెంటనే ఫోన్ చేస్తే తీయలేదు. "వచ్చి మాట్లాడు" అని ఇంకొకటి పెట్టింది.

ఆ బస్సు ఆగని చోటు లేదు. కోళ్ళ గంపలు ఎక్కించుకుంది, దించింది. డ్రైవరు ఒకచోట టీ తాగాడు. నేను మనసులో అతని ఏడు తరాలనూ దులిపేశాను. ఏం చెప్పాలో కూర్చుకుంటూ, చెరిపేసుకుంటూ తొమ్మిదీ ముప్పావుకు ఇంట్లో పడ్డాను.

బుజ్జి బడికి వెళ్ళిపోయింది. ఆవిడ తయారై, సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. చెప్పులు ఇంకా వేసుకోలేదు. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

"వెళ్ళకు" అన్నాను, ఆయాసపడుతూనే. "నేను వినలేదు. నిజంగా వినలేదు. చివరి తొంభై సెకన్లు దాటెయ్యమని పెట్టుకున్నా, ప్రకటనల కోసం. నీవి కూడా దాటేస్తోందని తెలీదు. ఒట్టు."

ఆవిడ ఆ పనిలోనే ఉన్న మనిషి. రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. మొహంలో ఏదో వదులైంది. "నేనింకా రోజూ ఫీడ్‌లో డౌన్‌లోడ్ల లెక్క చూసుకున్నా" అంది. "దించుకున్నవారు ఒకరు, దించుకున్నవారు ఒకరు. విని కూడా ఊరుకుంటున్నాడే అని ఏడ్చా. అంటే అసలు చెవినే పడలేదా?"

"పడలేదు. పడితే ఆ రోజే వద్దనేవాణ్ణి."

నవ్వినట్టు అనిపించింది. సంచీ పక్కన పెట్టింది. గండం గడిచిందనుకున్నాను. నా నోటికి తాళం వేసుకుని ఉండవలసింది అప్పుడే.

"ఎంత వేగంలో వింటావు?" అని అడిగింది.

"రెండింతలు."

"మరి చివర తెగిపోతుంది కదా. తొంభై సెకన్ల ముందు నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాగా. మాట మధ్యలో పుటుక్కున తెగి ఉంటుంది. రోజూ."

"అవును."

"నీకేమీ అనిపించలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ పొద్దుటి నుంచి ఆవిడ గొంతు విని విని అబద్ధం నోట్లోకి రాలేదు. "అనిపించింది" అన్నాను. "నువ్వు మాటలు అలాగే సగంలో ఆపేస్తావనుకున్నా."

ఆవిడ సంచీ మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"పదకొండేళ్ళయింది మన పెళ్ళయి" అంది మెల్లగా. "నేను మాట సగంలో ఆపడం ఎప్పుడైనా చూశావా?"

నేను వెతుక్కున్నాను. నిజంగానే వెతుక్కున్నాను, పెళ్ళినాటి నుంచీ. దొరకలేదు. ఏ మాటైనా చివరిదాకా చెప్పందే వదలని మనిషి ఆవిడ. చుట్టాలు దాని గురించి వెక్కిరిస్తారు కూడా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా రోజూ బస్సులో కూర్చుని, తెగిన మాటకు తలూపి తర్వాతి కార్యక్రమంలోకి వెళ్ళిపోయాను.

"లేదు" అన్నాను.

"యాప్‌ని ఏమనగలను?" అంది. "అది నువ్వు చెప్పిందే చేసింది."

లేచి చెప్పులు వేసుకుంది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. చెయ్యి పట్టుకున్నాను. ఇకనుంచి మామూలు వేగంతో వింటానన్నాను, షిఫ్టు మార్చుకుంటానన్నాను, ఉద్యోగమే మానేస్తానన్నాను. అన్నీ చివరిదాకా విన్నది. ఒక్క మాటకు కూడా అడ్డు రాలేదు. నేను చెప్పడం అయిపోయాక చెయ్యి విడిపించుకుని, బుజ్జికి సాయంత్రం పాలు కాచి ఇవ్వమని చెప్పి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

పదకొండింటికి సంతకం పెట్టింది.