ఎదుటివాడి పేరా

మా బావ బల్లలు, కుర్చీలు చేసే మేస్త్రీ. టేకు కొన్నందుకు కలప డిపో పెద్దాయనకు చెక్కు ఇచ్చాడు. బ్యాంకులో డబ్బు లేక అది తిరిగొచ్చింది. నోటీసు వచ్చింది, గడువు దాటింది, కేసు పడింది. ఆర్నెల్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి నేను మధ్యలో తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంటే ఇద్దరూ రాజీకి ఒప్పుకున్నారు. సగం వెంటనే డీడీగా, మిగతా సగం మూడు నెలల్లో.

రాజీ దరఖాస్తు రాసేది పెద్దాయన తరఫు ప్లీడరమ్మ. మా ప్లీడరు వేరే కోర్టులో ఉండి, ప్రతి చూసి రేపు పొద్దున సంతకం పెడతానని కబురు పంపాడు. బావకు తొందర ఎందుకంటే, ఒక బడికి బెంచీలు చేసే పని వచ్చింది. తన మీద ఏ క్రిమినల్ కేసూ లేదని రేపు సాయంత్రంలోగా రాసిస్తేనే ఆ పని. లేకపోతే ఇంకొకరికి పోతుంది.

ప్లీడరమ్మ గదిలో ఫైళ్ళు నేల మీద నుంచి కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. ఆమెకొక అలవాటు ఉంది. దరఖాస్తు సిద్ధమయ్యాక తను చదవదు. కక్షిదారుల చేత చదివిస్తుంది, అదీ తారుమారుగా. డబ్బు పుచ్చుకున్నవాడి పేరా ఇచ్చినవాడు చదవాలి, ఇచ్చినవాడిది పుచ్చుకున్నవాడు. ఎవరి పేరా వాళ్ళు చదివితే తలూపుకుంటూ పోతారట.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని బావ పేరా చదివాడు. చెక్కు తనదేననీ, బాకీ నిజమేననీ ఉంది. అందులో గొడవేమీ లేదు.

బావ పెద్దాయన పేరా అందుకున్నాడు. "ఫిర్యాదుదారుకు రావలసిన సొమ్ము యావత్తూ..." అని ఆగాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అదే మాట దగ్గర ఆగాడు. నేను కాలితో తన్నాను.

"ఇది నేను చదవలేనమ్మా. యావత్తూ ముట్టలేదు. నేనిచ్చింది సగమే," అన్నాడు.

ప్లీడరమ్మ కలం కింద పెట్టి పెద్దాయన వైపు తిరిగింది. పొద్దున ఫోనులో మొత్తం ముట్టిందని చెప్పింది ఆయనే మరి. ఆయన పైకప్పు చూశాడు.

"ఇచ్చినట్టేలే అనుకున్నాను. వీడి బెంచీల సంగతి బామ్మర్ది చెప్పాడు. కేసు రేపటితో తెగిపోతుంది కదా అని."

ఆమె ఆయన్ని కోప్పడలేదు. కోర్టుకు అబద్ధం రాయనని మాత్రం చెప్పి, రెండు దారులున్నాయని విడమరచింది. ఒకటి, షరతులు రాసి వాయిదా తీసుకోవడం. మిగతా సొమ్ము ముట్టాకే రాజీ, అప్పటిదాకా కేసు బతికే ఉంటుంది. రెండోది, మిగతా సగానికి కొత్త చెక్కులు పుచ్చుకుని రేపే రాజీ పడడం. అప్పుడు బావను కోర్టు నిర్దోషిగా వదిలేస్తుంది, పాత కేసు మళ్ళీ లేవదు. కొత్త చెక్కులు కూడా తిరిగొస్తే వాటి మీద నోటీసుతో మొదలుపెట్టి కొత్త కేసు వేసుకోవాల్సిందే.

"ఏది ఎంచుకున్నా మీ ఇష్టమే. కానీ తెలిసి ఎంచుకోండి," అంది.

పెద్దాయన నోరు తెరిచేలోగానే బావ అన్నాడు, "వాయిదానే అడగండమ్మా. ఆయన నమ్మి ఒకసారి దెబ్బతిన్నాడు."

ఆర్నెల్ల నా తిరుగుడంతా, మా అక్క ఆశ పెట్టుకున్న బెంచీల పనంతా ఆ ఒక్క మాటతో నీళ్ళలో పోసేశాడు. తిడదామనుకుని బావ మొహం చూశాను. తిట్టలేకపోయాను. చదవలేని మాట దగ్గర ఆగిన మనిషే అక్కడ కూర్చుని ఉన్నాడు, తేలికపడి.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బావ వైపు తిరిగాడు.

"ఏమయ్యా మేస్త్రీ, బెంచీల పని పోతే నా మిగతా సగం నీ రంపాన్ని అమ్మి ఇస్తావా? రెండో దారే రాయండమ్మా. సొమ్ము యావత్తూ ముట్టిందని ఒప్పుకోనివాడి చెక్కు నాకు చాలు."

ప్లీడరమ్మ పేరా కొట్టేసి కొత్తగా రాసింది. సగం డీడీగా ముట్టింది, దాని నంబరు ఇది. మిగతాకు రాబోయే మూడు నెలల తేదీలతో మూడు చెక్కులు, వాటి నంబర్లు ఇవి. ఫిర్యాదుదారు తన ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాజీ పడుతున్నాడు. కొత్త చెక్కులు చెల్లకపోతే వాటి మీద ఆయన హక్కు ఆయనదే. బావ చేత మళ్ళీ చదివించింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

మర్నాడు జడ్జిగారు ఇద్దర్నీ నిలబెట్టి అడిగారు. సొమ్ము పూర్తిగా రాకుండానే రాజీ పడుతున్నారు, తెలిసే చేస్తున్నారా అని పెద్దాయన్ని రెట్టించారు.

"తెలిసే బాబూ," అన్నాడు ఆయన. ఇద్దరి మాటా రాసుకుని, దరఖాస్తు ఒప్పుకుని, బావను నిర్దోషిగా విడుదల చేశారు.

వరండాలో పెద్దాయన బావ భుజం మీద చెయ్యి వేశాడు. "బెంచీలకు కలప నా డిపోలోనే కొనాలి, తెలిసిందా?"

"అలాగే పెద్దాయనా."

"రొక్కం ఇచ్చి."