వారానికి మూడు రోజుల టిక్కు

ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి కమిటీ పదకొండింటికి కూర్చుంటుంది. పదీ ఇరవైకి కిడ్నీ విభాగం కోఆర్డినేటర్ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. 'దాత ఆహార నియమం పాటించడం లేదు. ఫైలు మూసివేయవచ్చు.' కింద డైటీషియన్ సంతకం.

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. ఇంట్లో నాదొక్కటే సరిపోయింది. ఎనభై ఒక్క కిలోల నుంచి డెబ్భై ఆరుకు దిగితేనే ఆపరేషన్ అన్నారు. పన్నెండు వారాలు గడువిచ్చారు. దిగింది ఒకే ఒక్క కిలో.

"ఇష్టం లేకపోతే మొదట్లోనే చెప్పాల్సిందక్కా" అన్నాడు వరండాలో పక్క కుర్చీలో ఉన్న తమ్ముడు, నా మొహం చూడకుండా. "నేనేమీ అనుకునేవాణ్ణి కాదు."

వాణ్ణి కొట్టాలనిపించింది. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి తప్ప ఇంకెక్కడైనా సరే.

డైటీషియన్ గది తలుపు తట్టలేదు. తోశాను. రోజూ తిన్నది రాసుకున్న నోటుపుస్తకం ఆమె బల్ల మీద పడేశాను.

"మేడమ్, మీరు కోపంగా ఉన్నారు..."

"కోపం కాదు, ఒళ్ళు మండిపోతోంది. చదవండి. రోజుకి పదహారు వందల డెబ్భై కేలరీలన్నారు. ఎనభై నాలుగు రోజులు అంతే తిన్నాను, నూనె కూడా తూచుకుని."

"అందరూ అలాగే చెప్తారండీ. రాసేదొకటి, తినేదొకటి. లెక్క ప్రకారమైతే మీరు ఐదు కిలోల పైనే తగ్గాలి."

"అంటే నేను దొంగనన్నమాట."

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా క్లెయిములు పరిశీలిస్తున్నాను. తప్పు ఎప్పుడూ చివర్లో వచ్చే మొత్తంలో ఉండదు, అది పుట్టిన గడిలో ఉంటుంది.

"ఈ పదహారు వందల డెబ్భై ఎక్కణ్ణుంచి పుట్టిందో చూపించండి."

విసుగ్గా స్క్రీన్ నా వైపు తిప్పింది. "కదలకుండా పడుకున్నా మీ ఒంటికి రోజుకి పధ్నాలుగు వందల కేలరీలు కావాలి. మీరెంత కదులుతారో చూసి దాన్ని ఒక అంకెతో హెచ్చవేస్తాం. మీకు ఒకటి పాయింట్ ఐదు ఐదు. రెండు వేల నూట డెబ్భై వచ్చింది. తగ్గాలి కాబట్టి ఐదొందలు కోశాం."

"ఆ ఐదు ఐదు ఎవరు పెట్టారు?"

"వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్తానని మీరేగా చెప్పారు! 'మూడు నుంచి ఐదు రోజులు, మధ్యస్థం' దగ్గర టిక్కు పెట్టాను."

"మిగతా టైమంతా ఏం చేస్తానో అడిగారా?"

ఆమె స్క్రీన్ మీద ఫారం పైకీ కిందికీ జరిపింది. ఆ ప్రశ్నకి గడే లేదు.

"తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా కుర్చీలోనే. బస్సులో సీటు. ఇంటికొచ్చాక సోఫా, జిమ్ రోజైతే మరీ కూలబడతా. వారానికి నూట అరవై ఎనిమిది గంటలండీ! జిమ్‌లో ఉండేది రెండుంపావు. ఆ కాస్త చెమటనీ ఏడు రోజులకీ పులిమేశారా?"

ఆమె కాలిక్యులేటర్ అందుకుంది. వేళ్ళు మొదట ధీమాగా కదిలాయి.

"కూర్చుని పనిచేసేవాళ్ళకి ఒకటి పాయింట్ రెండు. పదహారు వందల ఎనభై. జిమ్‌లో పూటకి అదనంగా రెండొందలు వేసుకున్నా వారానికి ఆరొందలు. రోజుకి ఎనభై ఐదు..."

వేళ్ళు నెమ్మదించాయి.

"మీ టిక్కు జిమ్ పేరు చెప్పి రోజుకి నాలుగొందల తొంభై ఇచ్చింది" అన్నాను. "ఖర్చయింది ఎనభై ఐదు. మీరు కోసిన ఐదొందల్లో ఇంకేం మిగిలింది?"

"తొంభై ఐదు."

"ఎనభై నాలుగు రోజులకి?"

"దాదాపు ఎనిమిది వేలు." కాలిక్యులేటర్ పక్కన పెట్టింది. "కిలో కొవ్వు కరగడానికి అంతే కావాలి. ఒక కిలో."

"నేను దిగిందెంత?"

ఆమె నా నోటుపుస్తకం వైపు చూసింది.

"నాలుగో వారంలోనే ముల్లు కదలట్లేదని మొత్తుకున్నాను. ఏమన్నారు? 'కాస్త నిజాయితీగా రాయండి' అన్నారు. మీ అంకె ఒక అంచనా. నా తూకం కళ్ళెదుట ఉంది. మీరు అంచనాని నమ్మి మనిషిని అనుమానించారు."

"సారీ అండీ. ఇప్పుడే మార్చేస్తాను. కొత్త ప్లాన్..."

"గుట్టుగా మార్చేస్తే కమిటీ ముందు నేను దొంగగానే మిగులుతాను. ఈ కాగితం కొట్టేసి, తప్పు మీదని రాయండి."

"అది నా ఉద్యోగానికి..."

"ఇది మావాడి ప్రాణానికండీ!"

గోడ గడియారంలో పదీ యాభై రెండు. పెన్ను తీసింది. పాత వాక్యం మీద గీత పడింది. 'కదలిక గుణకం ఎక్కువగా తీసుకోవడం నా పొరపాటు. దాత నియమం పాటించారు.' సంతకం చేసి, కాగితం పట్టుకుని తనే కమిటీ గదిలోకి నడిచింది.

పదకొండుంపావుకి బయటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపల చీవాట్లు బాగానే పడినట్టున్నాయి. జాలేయలేదు.

"నాలుగు వారాలు ఇచ్చారు. కిలోన్నర దిగితే ఫైలు నడుస్తుంది, లేకపోతే మూసేస్తారు. రోజుకి పదమూడు వందల యాభై. జిమ్ రోజైనా కాకపోయినా అరగంట నడక. ఇదీ అంచనాయే. ప్రతి వారం తూకం చూసి నేనే సరిచేస్తాను."

"చూడండి. ఈసారి తూకాన్ని చూడండి."

తమ్ముడు అంతా విన్నాడు. కుర్చీ పట్టుకుని లేచాడు. "అక్కా, ఇందాక నేను..."

"ట్యాక్సీ ఎక్కు. నేను ఇంటికి నడిచొస్తా."

"మాట్లాడవా నాతో?"

"కిలోన్నర దిగాక."