పక్కకు తిరిగిన ముఖాలు

స్టూడియోలో ఆమెను అందరూ జల్లెడ అనే పిలిచేవారు. సినిమాల్లో డూప్ ముఖం మీద నటుడి ముఖం అమర్చే పని వాళ్లది. కంప్యూటర్ ప్రతి ఫ్రేములోంచీ ముఖాన్ని కత్తిరించి కుప్ప పోస్తే, మసకబారినవీ, మెడ మరీ తిరిగిపోయినవీ, చెయ్యి అడ్డొచ్చినవీ, ముఖమనుకుని పొరపాటున పట్టుకొచ్చిన గోడ గడియారాలూ ఏరిపారేయడం ఆమె వంతు. అవి మిగిలిపోతే, ముఖాలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం, అంటే మోడల్, వాటినీ నేర్చుకుని, చెంపల దగ్గర వణికే నకలు తయారుచేస్తుంది.

ఆ పొద్దున యజమాని రెండు ఫోల్డర్లు ఇచ్చాడు.

"ఎ అంటే వీడియోలో ఉన్న మనిషి. బి అంటే మనం పెట్టాల్సిన ముఖం. నాలుగింటికల్లా మోడల్‌కి ట్రైనింగ్ మొదలెట్టాలమ్మా."

"ఏ సినిమాకి సార్?"

"ప్రైవేట్ క్లయింటు. మనకెందుకు చెప్పు?"

బి ఫోల్డర్లో నాలుగు వేల పైచిలుకు బొమ్మలు. అలవాటు కొద్దీ ఆమె వాటిని మసక నుంచి స్పష్టానికి వరుస పెట్టింది. మొదటి కొన్ని వందలన్నీ పొగ. చూడకుండానే తీసేసింది. కిందికి జరిగేకొద్దీ పొగ విడిపోయింది, కళ్లు ఏర్పడ్డాయి, ముక్కు పక్కన పుట్టుమచ్చ తేలింది. ఆమె మౌస్ తిప్పడం ఆపింది.

తన అక్క.

ఇన్సూరెన్స్ ఆఫీసులో కొత్తవాళ్లకు పాఠాలు చెబుతూ అక్క చేసిన వీడియోల్లోవే చాలా మటుకు. ఎ ఫోల్డర్ తెరిచింది. ఎవరో ముక్కూమొహం తెలియని స్త్రీ. తలగడ మీద చెదిరిన జుట్టు, చెమట, బట్ట ఛాయ లేని మెడ. అవి ముఖాలే అయినా, వాటి కింద ఏమి ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

అక్క పెట్టిన ఫిర్యాదు మీద విచారణ మర్నాడే. తనతో వెకిలిగా ప్రవర్తించాడని సెక్షన్ పెద్ద మీద పెట్టిన ఫిర్యాదు అది. ఈ వీడియో ఎందుకు తయారవుతోందో జల్లెడకు అర్థమైంది.

ఏం చెయ్యాలో తోచక, చేతికొచ్చిన పనే చేసింది. ఈసారి ముఖం తిరిగిన కోణాన్ని బట్టి వరుస పెట్టింది. ఓ చివర ఐదారు వందల బొమ్మలు, అన్నీ ఎడమ చెంపే. ఒకే వైపు నుంచి, బల్ల ఎత్తు నుంచి తీసినవి. ఆ ముఖానికి కెమెరా ఉందని తెలియదు. ఒకదాంట్లో ఆవలిస్తోంది, ఒకదాంట్లో కళ్లు తుడుచుకుంటోంది.

"అయిందా?"

యజమాని వెనకే నిలబడి ఉన్నాడు.

"పక్కకు తిరిగినవి చాలా ఉన్నాయి సార్," అంది.

"తీసి పారెయ్. అవి దేనికీ పనికిరావు."

అతను గాజు గదిలోకి వెళ్లేదాకా ఆగింది. ఆ వరుసనూ, ఫైళ్ల పేర్లనూ, ఎ ఫోల్డర్‌నూ ఫోనుతో ఫొటోలు తీసింది. ప్రతి బొమ్మ పేరులోనూ అది వచ్చిన వీడియో పేరూ, తేదీ ఉన్నాయి. కడుపునొప్పని చెప్పి మెట్లు దిగింది.

ఇన్సూరెన్స్ ఆఫీసు వరండాలో అక్క ఆ ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది.

"నా ఎడమ పక్క కూర్చునేది ఆ సెక్షన్ పెద్దేనే. నీళ్ల సీసాకి ఫోను ఆనించి పెట్టుకునేవాడు. పాటలు వింటున్నాడనుకున్నా."

పోలీస్ స్టేషన్లో ఇన్‌స్పెక్టరమ్మ నుదురు చిట్లించింది. "ఆ వీడియో ఇంకా తయారే కాలేదంటున్నావు. మరి కేసేం పెట్టమంటావు?"

"నాలుగింటికి మెషిన్ మొదలెడతారు మేడమ్. మొదలైతే ఆ మంచం మీద ఉండేది మా అక్క ముఖమే," అంటూ జల్లెడ ఫోను ముందుకు తోసింది. "అక్కకు తెలియకుండా తీసినవి మాత్రం ఇప్పటికే ఉన్నాయి. ఇవిగో."

ఇన్‌స్పెక్టరమ్మ ఎడమ చెంపల వరుస చూసింది. కళ్లు తుడుచుకుంటున్న బొమ్మ దగ్గర ఆగింది. ఆ తర్వాత బల్ల మీది టోపీ తీసుకుని లేచింది.

వాళ్లు స్టూడియోకి వెళ్లేసరికి నాలుగుకు పది నిమిషాలు. యజమాని కాళ్లబేరానికి వచ్చాడు. వెబ్ సిరీస్ అని చెప్పారు మేడమ్, నాకేం తెలియదు, అంటూనే క్లయింటు నంబరు ఇచ్చాడు. అది సెక్షన్ పెద్దదే. ఆ సాయంత్రమే అతని ఫోను పట్టుకున్నారు. మర్నాటి విచారణలో అక్క ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

జల్లెడ ఆ ఉద్యోగంలోకి మళ్లీ వెళ్లలేదు. వారం తర్వాత అక్క కూర తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టింది.

"నిజం చెప్పవే. వాడి దగ్గర కాక ఇంకెక్కడైనా ఉన్నాయా ఆ బొమ్మలు?"

లేవన్న మాట నోటిదాకా వచ్చింది.

"తెలియదక్కా," అంది.

అక్క తలూపి, లేచి వెళ్లి కిటికీ రెక్క మూసింది.