భోజనం తర్వాతి పీరియడు

పరిశోధనా పద్ధతుల మీద మా డిపార్ట్‌మెంటు పెద్దసారు రాసిన పాఠం యాభై పేజీలు. "పరిశోధన అనగా" అని మొదలై ఆ "అనగా" చుట్టూనే సగం పుస్తకం తిరుగుతుంది. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి దాన్నే జిరాక్సు తీసి పంచుతున్నాం. నాకు ఒళ్లు మండి, సెలవుల్లో కూర్చుని నాదంటూ రెండు పేజీలు రాశాను. పరీక్షించగలిగే ప్రశ్న ఎలా వేయాలి, ఏది మార్చాలి, ఏది కొలవాలి, ఏది కదలకుండా ఉంచాలి. అంతే! ఆదివారం అన్నాలయ్యాక మా అత్తగారికి చదివి వినిపిస్తే మొదటి పేజీకే గుర్రు పెట్టారు. పెద్దావిడ కదా అని సరిపెట్టుకున్నాను.

పెద్దసారు నా కాగితాలు అటూ ఇటూ తిప్పారు.

"ఇంతేనామ్మా? సరే. శుక్రవారానికి నీ సెక్షన్ పిల్లలు దీన్ని చదివి ఒక్క మంచి ప్రశ్న తయారుచేయనీ. చేస్తే వచ్చే ఏడు నీదే అచ్చుకి పంపుతా. లేదంటే నాదే."

నాకు అంతకంటే ఏం కావాలి? ఆ యాభై పేజీల పీడ విరగడైతే చాలు.

నా క్లాసులో ఒకమ్మాయి ఉంది. ఏం చెప్పినా "ఎందుకండీ?" అంటుంది కనుక అదే పేరుగా స్థిరపడిపోయింది. కాగితం చదివిన మర్నాడే లేచి నిలబడింది.

"మేడమ్, పెద్దసారు పాఠం బోరా? ఇది మా ప్రశ్నండీ."

లోపల గంతులేశాను. పైకి మాత్రం కళ్లెర్రజేశాను.

"బోరంటే ఎవరికి? ఎంత? ఏం చూసి చెప్తావు? కాగితంలో ఏం రాశాను?"

"కంటితో చూసి లెక్కపెట్టగలిగేది అయ్యుండాలనండీ."

పిల్లలంతా కిందామీదా పడి ప్రశ్నను దారికి తెచ్చారు. పెద్దసారు చెప్పేటప్పుడు, నేను చెప్పేటప్పుడు, బల్ల మీద తల వాల్చేవాళ్లు ఎంతమంది? మార్చేది చెప్పే మనిషిని. కొలిచేది వాలిన తలల్ని. కదలకుండా ఉంచేవి గది, పాఠం. నా సెక్షన్‌లో ఎందుకండీ, పెద్దసారి సెక్షన్‌లో దాని నేస్తం వెనక బెంచీలో కూర్చుని లెక్కపెట్టారు. నా క్లాసులో ఒకటీ అరా తల వాలింది. ఆయన క్లాసు గాలివానకు పడిపోయిన అరటితోటే. నా సంబరం చూడాలి! ఆ వారమంతా స్టాఫ్‌రూమ్‌లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

శుక్రవారం ఎందుకండీని వెంటబెట్టుకెళ్లి ఆ లెక్క చూపిస్తే పెద్దసారు కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా కాగితమే తెరిచారు.

"నా క్లాసు ఏ వేళకమ్మా?"

"భోజనం తర్వాతండీ," అంది ఎందుకండీ.

"మేడమ్‌ది?"

"పొద్దున మొదటి పీరియడండీ."

"మరి మనిషీ మారాడు, వేళా మారింది. నిద్ర నా వల్లా, అన్నం వల్లా?" అంటూ నా చివరి వాక్యం మీద వేలు పెట్టి పైకి చదివారు. "రెండు చరాలు కలిసి మారితే ఏ ఒక్కదాని మీదా నేరం మోపకండి."

నేను రాసిందే!

"అయితే వేళలు మార్చేసుకోండి సార్, మనుషుల్ని అలాగే ఉంచి," అంది ఆ పిల్ల. నేనైతే ఆ మాట అననిచ్చేదాన్ని కాదు. ఆయన మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. వచ్చే వారం ఆయన పొద్దున, నేను మధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నాలు నా పగవాడికి కూడా వద్దు. అరిచాను, బోర్డు మీద బొమ్మలేశాను, జోకులు చెప్పి నేనే నవ్వుకున్నాను. తలలు ఒకదాని వెంట ఒకటి వాలిపోయాయి. లెక్క చూద్దామని వెనక బెంచీకి వెళితే, పిల్ల గీసిన గీతల్లో ఆఖరిది వంకర తిరిగి కాగితం అంచు దాకా పోయింది. దాని పక్కనే ఎందుకండీ తల. తట్టి లేపితే ఉలిక్కిపడింది.

"నన్ను కూడా కలుపుకోనా మేడమ్?"

పొద్దున క్లాసులో మాత్రం పెద్దసారి "అనగా"కి పిల్లలు నవ్వుతూ కూర్చున్నారట.

"ఒక్క వారమేగా సార్, దీంతో ఏం తేలుతుంది? పైగా రెండు సెక్షన్ల పిల్లలూ వేరు," అని వారం చివర ఆయన గదిలో గింజుకున్నాను.

"నిజమే. అది కూడా రాసి ఈ లెక్కే ఉదాహరణగా పెట్టు. పేర్లు వద్దులే," అని నా కాగితం మీద సంతకం చేశారు. "నీదే అచ్చుకి పోతుంది. నీ తప్పు నా చేతే పట్టించిందంటే పిల్లలకి పనికొస్తుంది."

ఏడవాలో నవ్వాలో తెలియక దండం పెట్టాను. గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచారు.

"అన్నట్టు, వచ్చే ఏడు ఆ పాఠం రెండు సెక్షన్లకీ నువ్వే చెప్పు. టైమ్‌టేబుల్ వేసేశా. రెండూ భోజనం తర్వాతే."

మర్నాడు పొద్దున్నే అత్తగారి చేతిలో కాఫీ పెట్టి రెండు పేజీలూ మళ్లీ చదివాను, కొత్త ఉదాహరణతో సహా. రెప్ప వాల్చకుండా చివరిదాకా విన్నారు.

"బాగుందే," అన్నారు. "ఆ సారెవరో గానీ చాలా తెలివైనవాడు."